ఎడమ డొక్కలో నొప్పి: గ్యాసా, ప్లీహమా?

ఎడమవైపు చివరి పక్కటెముకల చాటున మూడు అవయవాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ముందువైపు జీర్ణాశయం, దాని వెనక పక్కగా ప్లీహం, ఈ రెంటినీ తాకుతూ పెద్దపేగు కిందికి మలుపు తిరిగే చోటు. ఉన్న జాగా తక్కువ. అన్నం తినగానే జీర్ణాశయం సాగుతుంది కాబట్టి, పక్కనున్న వాటిలో ఏది ఉబ్బి ఉన్నా ఆ ఇరుకు భోజనం తర్వాతే బాగా తెలుస్తుంది. తిన్నాక ఎడమ డొక్కలో నొప్పి, బరువు, కడుపు నిండిపోయినట్టు ఉండటం అనే లక్షణాలు కలిసి రావడానికి కారణం ఇదే.

వీటిలో మామూలుగా కనిపించేది గ్యాస్. పెద్దపేగు పొట్టకు కుడివైపున పైకి ఎక్కి, అడ్డంగా సాగి, ఎడమ పక్కటెముకల కింద ఒక్కసారిగా కిందికి వంగుతుంది. పెద్దపేగు మొత్తంలో అన్నిటికన్నా ఎత్తున ఉండే చోటు ఆ వంపే. పేగులోని గాలి అక్కడికి చేరి, మలుపు దాటలేక నిలుస్తుంది. జీర్ణాశయంలోకి అన్నం దిగగానే పెద్దపేగు కూడా కదలడం మొదలుపెడుతుంది. అందుకే తిన్న కాసేపటికే మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. అది అలలు అలలుగా వస్తుంది, కాస్త అటూఇటూ జరుగుతుంది, గాలి పోయినా విరేచనం అయినా తేలికపడుతుంది. వేలితో తట్టిచూస్తే ఆ భాగం డోలులా మోగుతుంది. మలబద్ధకం ఉన్నవాళ్లకు, గబగబా తింటూ గాలి మింగేవాళ్లకు, పాలు పడనివాళ్లకు, శనగలు, ఉల్లి ఎక్కువగా తినేవాళ్లకు ఈ బాధ తరచూ వస్తుంది.

తెలుగు ఇళ్లలో పొద్దున్నే పరగడుపున వేసుకునే ‘గ్యాస్ మాత్ర’ ఈ నొప్పికి పెద్దగా పనిచేయదు. ఆ మాత్ర తగ్గించేది జీర్ణాశయంలో ఊరే ఆమ్లాన్ని. పెద్దపేగులో నిలిచిన గాలిని అది ఏమీ చేయలేదు. అంతకన్నా రెండు వారాలు పాలు మానిచూడటం, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, నెమ్మదిగా నమిలి తినడం మేలు. వీటితో నొప్పి తగ్గితే కారణం కూడా చాలావరకు తేలినట్టే.

ప్లీహం కథ వేరు. పెద్దవాళ్లలో అది గుప్పెడంత ఉంటుంది, బరువు సుమారు 150 గ్రాములు. 9 నుంచి 11వ పక్కటెముకల వెనక దాగి ఉండి, ముసలిబడ్డ ఎర్ర రక్తకణాలను ఏరివేస్తుంది, రక్తంలోకి చొరబడ్డ క్రిములను పట్టుకుంటుంది. మామూలు ప్లీహం చేతికి తగలదు. బాగా పెరిగాకే పక్కటెముకల అంచు దాటి కిందికి వస్తుంది. పూర్వం మలేరియా ఉన్న ఊళ్లలో జ్వరాలు పడిపడి పిల్లల ప్లీహం పెరిగిపోయేది. దాన్నే ‘కడుపులో బల్ల’ అనేవారు. ఒక ఊళ్లో మలేరియా తీవ్రత ఎంతో తేల్చడానికి ఎంతమంది పిల్లల ప్లీహం చేతికి తగులుతోందో లెక్కించే పద్ధతీ ఉండేది. ఇప్పుడు మలేరియా, టైఫాయిడ్‌తో పాటు కాలేయం గట్టిపడి దాని రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం, తలసీమియా, రక్త క్యాన్సర్లు ముఖ్య కారణాలు. సికిల్‌సెల్ వ్యాధి ఉన్న పిల్లల్లో ప్లీహం హఠాత్తుగా రక్తంతో ఉబ్బిపోవచ్చు. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ వ్యాధి ఉంది కాబట్టి అక్కడి తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి.

పెరిగిన ప్లీహం జీర్ణాశయాన్ని పక్కనుంచి నొక్కుతుంది. దాంతో ఆకలితో కూర్చున్న మనిషికి నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. గ్యాస్‌లో తిన్న తర్వాత ఉబ్బరం వస్తుంది, ఇక్కడ తినడమే సాగదు. ఈ తేడా రోగిని అడిగితేనే తెలుస్తుంది. నొప్పి కూడా మెలిపెట్టేది కాదు. లోపల బరువు పెట్టినట్టు మందంగా, ఒకే చోట, వారాల తరబడి ఉంటుంది. గాలి పోయినా తగ్గదు.

ఒక నమూనా కేసు చూస్తే ఈ తేడా ఎలా బయటపడుతుందో అర్థమవుతుంది. 42 ఏళ్ల మనిషి నాలుగు నెలలుగా గ్యాస్ మాత్రలు వాడుతున్నాడు. సగం కంచానికే చాలనిపిస్తుంది. బరువు తగ్గాడు, రాత్రుళ్లు చెమటలు పడుతున్నాయి. డాక్టర్ అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట కుడివైపు కింది మూల నుంచి చెయ్యి వేసి, గట్టిగా ఊపిరి పీల్చమంటూ కొంచెం కొంచెంగా ఎడమ డొక్కవైపు జరుపుతాడు. ప్లీహం ఆ దారిలోనే పెరుగుతుంది కాబట్టి ఎడమ డొక్క దగ్గరే మొదలుపెడితే బాగా పెరిగిన ప్లీహం అంచు దొరక్కపోవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు నాలుగు వేళ్ల వెడల్పున గట్టి అంచు చేతికి తగిలింది. సీబీపీ పరీక్షలో తెల్ల రక్తకణాలు 1,60,000 వచ్చాయి. మామూలుగా అవి 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. స్లైడు మీద పండని కణాలు, పండిన కణాలు అన్ని దశల్లోనూ కనిపించాయి. అది క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్ పోలిక. బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు పరీక్షతో ఖాయమైంది. 2001 నుంచి వాడుకలోకి వచ్చిన ఇమాటినిబ్ మాత్రలతో దాన్ని ఏళ్ల తరబడి అదుపులో ఉంచవచ్చు. ఎక్కువమందిలో కొన్ని నెలల్లోనే ప్లీహం చేతికి అందనంతగా తగ్గి, అన్నం మళ్లీ సయిస్తుంది.

అదే సీబీపీలో ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు తక్కువగా వస్తే ఆలోచన కాలేయం వైపు మళ్లుతుంది. పెరిగిన ప్లీహం కణాలను తనలోనే నిలిపేసుకుంటుంది. అలాంటివాళ్లలో అన్నవాహిక సిరలు కూడా ఉబ్బి, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం అయ్యే ప్రమాదం ఉంటుంది. ఏ కారణమైనా సీబీపీ, పొట్ట అల్ట్రాసౌండ్ పరీక్షలతోనే వెతుకులాట మొదలవుతుంది. రెండూ మండల స్థాయి పట్టణాల్లోనూ చేస్తారు. అయితే కాస్త పెరిగిన ప్లీహం నొప్పికి కారణం కాకపోవచ్చు. జీర్ణాశయ పుండు, క్లోమం వాపు, కిడ్నీ రాయి, పక్కటెముకల మృదులాస్థి నొప్పి, సర్పి కూడా అక్కడే నొప్పి పుట్టిస్తాయి. నడిస్తే ఎక్కువై కూర్చుంటే తగ్గే నొప్పికి, చెమటలతో వచ్చే నొప్పికి, గుండె సంగతి తేలేదాకా గ్యాస్ అని పేరు పెట్టకూడదు.

ప్లీహం పెరిగిందని తెలిశాక డొక్క తోమించడం, గట్టిగా నొక్కి చూడటం ప్రమాదం. దాని పైపొర పలచన, రక్తం ఎక్కువ. కబడ్డీలాంటి ఆటలూ అప్పటికి మానాలి. డొక్కకు దెబ్బ తగిలాక ఎడమ భుజం కొసలో నొప్పి మొదలై, కళ్లు తిరిగితే ప్లీహం చిరిగి లోపల రక్తం పోతున్నట్టు అనుమానించి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. దెబ్బ లేకుండానే ఎడమ డొక్కలో పొడిచినట్టు, ఊపిరి తీస్తే ఎక్కువయ్యే నొప్పి వస్తే ప్లీహంలో కొంత భాగానికి రక్తం అందడం లేదేమో చూడాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోకూడదు, రక్తస్రావం ఎక్కువవుతుంది.

ప్లీహం తీసేయడం ఇప్పుడు అరుదు. కారణానికి వైద్యం చేస్తే చాలాసార్లు అదే తగ్గుతుంది. తప్పనిసరై తీయాల్సి వస్తే, న్యుమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ క్రిములకు టీకాలు వీలైతే ఆపరేషన్‌కు రెండు వారాల ముందే వేస్తారు. తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా ప్లీహం లేదన్న మాట డాక్టర్‌కు మొదటే చెప్పాలి.