తాళం ఎవరడిగారు, ఎందుకిచ్చారు?

ఆఫీసులో కొత్తగా చేరినవారికి ఖాతా తెరవాలంటే, మైక్రోసాఫ్ట్ ఎంట్రా వాడే సంస్థల్లో ‘యూజర్ అడ్మినిస్ట్రేటర్’ లాంటి హోదా కావాలి. దాన్ని ఒకరికి శాశ్వతంగా ఇచ్చేస్తే, వారి పాస్‌వర్డ్ దొంగిలించినవాడికీ ఆ అధికారం దక్కుతుంది.

అందుకే చాలాచోట్ల ఉద్యోగిని అర్హుల జాబితాలో మాత్రమే ఉంచుతారు. అవసరమైనప్పుడు అతను హోదా కోరుతూ, ఎన్ని గంటలకో, ఎందుకో రాస్తాడు. మేనేజరు దాన్ని చూసి, తన కారణమూ రాసి ఆమోదిస్తాడు లేదా తిరస్కరిస్తాడు. తన అభ్యర్థనను తానే ఆమోదించుకోవడం కుదరదు. 24 గంటల్లో ఎవరూ స్పందించకపోతే మళ్లీ అడగాల్సిందే. ఆమోదించినా గడువు ముగియగానే హోదా దానంతటదే పోతుంది.

ఈ పద్ధతి దెబ్బతినేది కారణం దగ్గరే. ‘పని కోసం’ అని రాస్తే ఆడిటర్‌కు ఏమీ తెలియదు. ‘సోమవారం చేరే ముగ్గురికి ఖాతాలు, హెచ్‌ఆర్ టికెట్ ప్రకారం’ అని రాస్తే, ఆ రోజు నిజంగా మూడే ఖాతాలు తెరిచారా అని లాగ్‌తో సరిపోల్చవచ్చు. నాలుగోది కనిపిస్తే ప్రశ్నించవచ్చు.

ప్రతి అభ్యర్థనా క్షణాల్లో ఆమోదం పొందుతోందంటే, మేనేజరు చదవకుండానే నొక్కేస్తున్నాడేమో చూడాలి.