ఆర్‌ఏసీ టికెట్: కూర్చోవడం ఖాయం, పడుకోవడమే అనుమానం

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లడానికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ టికెట్ తీశారనుకుందాం. ఫోనులో RAC 24 అని వచ్చింది. వెయిటింగ్ లిస్టులో ఉన్నామేమోనని కంగారు పడక్కర్లేదు. ఈ టికెట్‌తో నిక్షేపంగా రైలెక్కవచ్చు. కూర్చోవడానికి సీటు ఉంటుంది. పడుకోవడానికి బెర్తు మాత్రం ఎవరైనా టికెట్ రద్దు చేసుకుంటేనో, రైలెక్కకపోతేనో వస్తుంది. ఛార్జీ మాత్రం పూర్తిగానే కట్టాలి.

కొన్నాళ్లకు అదే టికెట్ RAC 24/RAC 5 అని చూపిస్తుంది. మొదటిది టికెట్ తీసిననాటి స్థానం, రెండోది ఇప్పటిది. అంటే మీకు ముందున్నవాళ్లలో 19 మంది వరుసలోంచి తప్పుకున్నారు. కొందరికి బెర్తులు దొరికాయి, కొందరు ప్రయాణమే మానుకున్నారు.

చార్టు తయారయ్యాక కూడా ఆర్‌ఏసీగానే మిగిలితే ఎస్6 బోగీ, 31వ నంబరు అని వస్తుంది. అది నడవా పక్కనుండే సైడ్ లోయర్. స్లీపర్‌లో 7, 15, 23, 31 ఇలా ఎనిమిదేసి అంకెల తేడాతో ఈ బెర్తులుంటాయి. దాన్ని మధ్యకు మడిస్తే ఎదురెదురుగా రెండు సీట్లవుతాయి. ఒకటి మీది, రెండోది మరో ఆర్‌ఏసీ ప్రయాణికుడిది. అందుకే ఇద్దరి టికెట్ల మీదా ఒకే నంబరు కనిపిస్తుంది. అది చూసి 'నా సీటు' అంటూ గొడవపడితే లాభం లేదు.

రైలు కదిలాక టీటీఈ టికెట్లు చూస్తూ వస్తారు. బెర్తు ఖాయమైనా రానివాళ్ల స్థానాలను ఆర్‌ఏసీ వాళ్లకు వరుస ప్రకారం ఇస్తారు. ఇక్కడ ఒక లాభం చాలామంది గమనించరు. మీకు బెర్తు రాకపోయినా, మీ ఎదుటి సీటాయనకు వేరేచోట బెర్తు వచ్చిందంటే సైడ్ లోయర్ మొత్తం మీదే. ఒక్క ఖాళీ బెర్తుతో ఇద్దరికీ నిద్ర దక్కుతుంది. కాబట్టి టీటీఈ వచ్చేసరికి మీ సీట్లోనే ఉండండి. స్నేహితుల బోగీలో కబుర్లు చెబుతూ కూర్చుంటే, మీరూ రాలేదనుకునే ప్రమాదం ఉంది.

రాత్రంతా కూర్చోలేమనుకునేవాళ్లు రద్దు విషయంలో జాగ్రత్తపడాలి. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్ చార్టు నాటికి పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. ఆర్‌ఏసీకి ఆ సదుపాయం లేదు, మనమే రద్దు చేసుకోవాలి. చార్టు తయారైపోతే ఆన్‌లైన్‌లో టీడీఆర్ దాఖలు చేయాలి. రైలు బయలుదేరే సమయానికి 30 నిమిషాల ముందే ఈ పని పూర్తిచేస్తే స్లీపర్‌లో మనిషికి 60 రూపాయలు మినహాయించుకుని మిగతాది ఇస్తారు. ఆ గడువు దాటితే పైసా కూడా తిరిగి రాదు.