డాలస్‌లో శనివారం, మెల్‌బోర్న్‌లో ఆదివారం

అమ్మాయి మెల్‌బోర్న్‌లో, అబ్బాయి డాలస్‌లో. సంబంధం కుదిర్చింది గుంటూరులోని పెద్దవాళ్లు. ఇలాంటి జంటనొకదాన్ని ఊహించుకుందాం.

జూలైలో ఒక సోమవారం ఉదయం పదింటికి అతను "హాయ్ అండీ, ఎలా ఉన్నారు?" అని పంపాడు. ఆమెకు అప్పుడు మంగళవారం అర్ధరాత్రి దాటి ఒంటిగంట. పొద్దున ఏడింటికి చూసి "బాగున్నానండీ, మీరు?" అంది. అతనికది సోమవారం సాయంత్రం నాలుగు, మీటింగ్‌లో ఉన్నాడు. రెండు పలకరింపులకే ఒక రోజు గడిచిపోయింది. ఇంత దూరంలో ఒట్టి కుశలప్రశ్న సాగదు. "మీరు వీణ నేర్చుకున్నారట, అక్కడ సాధన కుదురుతోందా?" అని అడిగితే ఆమెకు తీరిగ్గా నాలుగు మాటలు రాయాలనిపిస్తుంది.

"శనివారం రాత్రి తొమ్మిదికి మాట్లాడుకుందామా?" అన్నాడతను. ఆమె తన శనివారం రాత్రి ఎదురుచూసింది. డాలస్‌లో అప్పుడు తెల్లవారుజాము ఆరు, అతను నిద్రలో ఉన్నాడు. అతని తొమ్మిదంటే ఆమెకు ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. ఇద్దరూ నొచ్చుకున్నారు, తప్పు ఎవరిదీ కాదు. సమయం చెప్పేటప్పుడు రెండు ఊళ్ల వారం, గంట రెండూ రాయాల్సిందే.

ఇంకో చిక్కుంది. జూలైలో తేడా 15 గంటలు. అక్టోబరు మొదటి ఆదివారం మెల్‌బోర్న్ గడియారం ముందుకు జరిగి 16 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం డాలస్ వెనక్కి జరిగి 17 అవుతుంది. కుదిరిన వేళను ఆ రెండు వారాల్లోనూ మళ్లీ సరిచూసుకోవాలి.