నాలుగు నిమిషాల ప్రహ్లాదుడు

పిల్లల కోసం ప్రహ్లాదుడి కథను చిన్న వీడియోగా తీయాలనుకునేవాళ్లకు మొదటి చిక్కు నిడివితోనే వస్తుంది. భాగవతం సప్తమ స్కంధంలో ఈ కథ అధ్యాయాల పొడవునా సాగుతుంది. మనకున్నది నాలుగు నిమిషాలు. ఐదారేళ్ల పిల్లలకు అందేలా నిదానంగా చెబితే నిమిషానికి ఎనభై, తొంభై మాటలకు మించవు. సంగీతానికీ మౌనానికీ కొంత వదిలేస్తే స్క్రిప్టు మొత్తం రెండు వందల యాభై మాటల్లో తేలిపోవాలి.

అందుకని చాలామంది ఏం చేస్తారంటే, ఏనుగులు, పాములు, విషం, మంట, కొండ మీంచి తోయించడం అన్నీ వరసగా పేర్చి, ప్రతిసారీ విష్ణువు వచ్చి కాపాడినట్టు చూపిస్తారు. చూసే పిల్లలకు అది గారడీలా కనిపిస్తుంది. ఎలాగూ దేవుడు వస్తాడని రెండో శిక్షకే తెలిసిపోయాక ఇక పట్టుదల ఏముంది? పైగా విషం తాగినా, ఎత్తు మీంచి దూకినా ఏమీ కాదన్న బొమ్మ ఆ వయసువాళ్ల కళ్ల ముందు పెట్టడం మంచిది కాదు. ఏనుగు ఒక్కటి చాలు. అదీ తొక్కబోయి ఆగినట్టు కాదు, తొండంతో పిల్లాడి జుట్టు వాసన చూసి పక్కకు తప్పుకున్నట్టు. ఇరవై సెకన్లు.

ప్రహ్లాదుడి గట్టిదనం అతని జవాబులో ఉంది. ఎవరు అడిగినా, ఎలా అడిగినా అదే జవాబు, అదే గొంతు. భాగవతంలో తండ్రి కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని, చదివినవాటిలో ఏది బాగుందో చెప్పమని ముద్దుగా అడుగుతాడు. ఆ ఘట్టాన్ని తొందరపడకుండా రాయాలి. ఒక నమూనా:

తండ్రి: చండామార్కుల దగ్గర ఏం నేర్చుకున్నావు కన్నా?
ప్రహ్లాదుడు: చాలా నేర్పారు నాన్నగారూ. అన్నిటికన్నా హరిని తలుచుకోవడమే నాకు బాగుంది.
తండ్రి: (నవ్వు ఆగిపోయి) ఎవరు నేర్పారురా నీకీ మాట?

‘కన్నా’ కాస్తా ‘రా’ అయింది. తర్వాతి సీన్లలో ‘ఒరేయ్’ అవుతుంది. కొడుకు మాత్రం చివరిదాకా ‘నాన్నగారూ’ అనే అంటాడు. డబ్బింగ్ చెప్పే పిల్లకో పిల్లాడికో ముందే చెప్పాల్సిన విషయం ఇది. ఎదురు తిరుగుతున్నట్టు గొంతు పెంచినా, ఏడుపు జీర తెచ్చినా పాత్ర పాడైపోతుంది. హిరణ్యకశిపుడి కోపానికీ ఒక్క వాక్యంలో కారణం చూపాలి. హరి అతని తోబుట్టువును చంపినవాడు. ఆ మాట లేకపోతే అతను ఊరికే అరిచే బొమ్మ రాక్షసుడవుతాడు.

బ్రహ్మ ఇచ్చిన వరాన్ని మొదటి అరనిమిషంలోనే నాటాలి. ఇంట్లో చావకూడదు, బయటా చావకూడదు. పగలు కాదు, రాత్రీ కాదు. మనిషి వల్ల కాదు, మృగం వల్లా కాదు. పొడుపుకథలా చెబితే పిల్లలు దాన్ని పట్టుకుంటారు. ఇది ముందు చెప్పకపోతే స్తంభంలోంచి సింహం రావడం వట్టి ఆశ్చర్యంగా మిగిలిపోతుంది.

ఇక స్తంభం సీను. ఇక్కడ చాలామంది పోతన పద్యం పెట్టకుండా ఉండలేరు, పెట్టాల్సిందే కూడా. కాకపోతే ముందు పిల్లాడి చేత వాడుక మాటల్లో చెప్పించాలి: ‘‘ఎక్కడ వెతికితే అక్కడే ఉంటాడు నాన్నగారూ.’’ ఆ వెంటనే కంద పద్యం రాగంతో వస్తే ఇరవై సెకన్లు పడుతుంది, అర్థం అప్పటికే అందింది కాబట్టి పిల్లలు రాగాన్ని వింటారు. భాగవతంలో హిరణ్యకశిపుడు స్తంభాన్ని పిడికిలితో గుద్దుతాడు. సినిమాల్లో గద చూసి అలవాటైనా ఇక్కడ పిడికిలే నయం. చెయ్యి వణకడం దగ్గరగా చూపించవచ్చు.

సంహారాన్ని నేరుగా చూపనక్కర్లేదు. గడప, సంధ్యవేళ ఎర్రటి వెలుతురు, గోడ మీద నీడ. పొడుపుకథ విప్పుకునే పని పిల్లలదే.

చాలా వీడియోలు అక్కడే ‘శుభం’ వేసేస్తాయి, నాకది నచ్చదు. భాగవతంలో అసలైన ఘట్టం తర్వాతే వస్తుంది. ఉగ్రనరసింహుడి దగ్గరికి వెళ్లడానికి దేవతలు జంకుతారు, లక్ష్మీదేవి కూడా వెనకాడుతుంది. బ్రహ్మ పంపితే ఆ ఐదేళ్ల పిల్లాడు నడిచి వెళ్లి కాళ్లకు మొక్కుతాడు. ఏం కావాలో కోరుకోమంటే తనకోసం ఏమీ అడగడు, తండ్రి పాపం పోవాలంటాడు. కనీసం యాభై సెకన్లు దీనికి అట్టే పెట్టాలి. నిడివి మించితే ఏనుగును తీసేయవచ్చు కానీ దీన్ని తీయకూడదు. ఆఖరున ‘‘పిల్లలూ, ఈ కథలో నీతి ఏమిటంటే’’ అనే గొంతు కూడా వద్దు, ఆ పది సెకన్లను పిల్లాడి నడకకు కలిపేయండి.