లెక్క సరే, దిక్కేది?

ఇంటర్మీడియట్ సదిశల పాఠంలో వచ్చే తరహా లెక్క ఇది. నట్టు దగ్గర్నుంచి పానా పట్టుకున్న చోటు దాకా స్థాన సదిశ r = i − 2j + 2k మీటర్లు. అక్కడ చెయ్యి వేసిన బలం F = 3i + 2j − k న్యూటన్లు. నట్టు మీద పడే టార్క్ ఎంత? (r పొడవు కడితే సరిగ్గా 3 మీటర్లు వస్తుంది. అంత పొడుగు పానా ఏ మెకానిక్ దగ్గరా ఉండదు కానీ లెక్కల పుస్తకాల్లో దొరుకుతుంది.)

ఒక విద్యార్థి జవాబు −3. i ని i తో, j ని j తో, k ని k తో గుణించి కలిపేశాడు: 3 − 4 − 2. కూడికలో తప్పు లేదు. కాకపోతే అతను చేసింది డాట్ ప్రొడక్ట్. టార్క్‌కి కావలసింది r × F, అంటే క్రాస్ ప్రొడక్ట్. ఈ పొరపాటు పట్టుకోవడానికి మళ్లీ లెక్క చేయనక్కర్లేదు, జవాబు ఆకారం చూస్తే చాలు. టార్క్ సదిశ కాబట్టి జవాబులో i, j, k కనిపించాలి. ఒంటరి సంఖ్య వచ్చిందంటే ఎక్కడో చుక్కకీ గుణకారం గుర్తుకీ తేడా తప్పిపోయినట్టే. పని అడిగినప్పుడు i, j, k లతో జవాబు వస్తే అది దీనికి తిరగబడ్డ తప్పు.

ప్రమాణాలు సరిచూసుకుంటే దొరికిపోదా అని కొందరికి అనిపించవచ్చు. ఇక్కడ దొరకదు. పనికీ టార్క్‌కీ రెండింటికీ బలాన్ని దూరంతో గుణిస్తాం, రెండూ న్యూటన్-మీటర్లలోనే తేలతాయి. పనికి జౌల్ అని వేరే పేరు ఉంది, టార్క్‌కి ఆ పేరు వాడరు. ఆ ఆచారం తప్ప ప్రమాణాల్లో ఏ తేడా లేదు.

ఇక అసలు లెక్క. r × F లో i భాగం (−2)(−1) − (2)(2), అంటే −2. k భాగం (1)(2) − (−2)(3), అంటే 8. మధ్యలోని j భాగం దగ్గరే చాలామంది జారిపడతారు. డిటర్మినెంట్ విప్పేటప్పుడు j ముందు మైనస్ ఉంటుంది, తొందరలో అది ఎగిరిపోతుంది. సరైన జవాబు −2i + 7j + 8k. మైనస్ మరిచిపోయినవాళ్లకి −2i − 7j + 8k వస్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఆకారం చూసి తేల్చలేం.

ఇక్కడ డాట్ ప్రొడక్టే కాపలా కాస్తుంది. క్రాస్ ప్రొడక్ట్ ఎప్పుడూ తాను పుట్టిన రెండు సదిశలకీ లంబంగా నిలబడుతుంది, లంబంగా ఉన్నవాటి డాట్ ప్రొడక్ట్ సున్నా. వచ్చిన జవాబుని r తో డాట్ చేస్తే −2 − 14 + 16 = 0. F తో చేస్తే −6 + 14 − 8 = 0. తప్పు జవాబుని r తో డాట్ చేస్తే −2 + 14 + 16, అంటే 28 వచ్చి గుట్టు బయటపడుతుంది. అర నిమిషం కూడా పట్టని పని.

దిక్కు లంబంగానే ఉన్నా పొడవు తప్పే అవకాశం ఇంకా మిగిలి ఉంటుంది. దానికి అందమైన తనిఖీ ఒకటుంది: డాట్ ప్రొడక్ట్ వర్గం, క్రాస్ ప్రొడక్ట్ పొడవు వర్గం కలిపితే రెండు సదిశల పొడవుల వర్గాల లబ్ధం రావాలి. cos²θ, sin²θ కలిస్తే 1 అన్నదే దీని మూలం. ఇక్కడ r పొడవు వర్గం 9, F ది 14, లబ్ధం 126. అటు చూస్తే క్రాస్ పొడవు వర్గం 4 + 49 + 64 = 117. మొదట్లో తప్పు చోట రాసిన −3 వర్గం 9. రెండూ కలిపితే 126.

ఇన్ని తనిఖీలూ దాటుకుని కూడా ఒక తప్పు నిలబడగలదు. r × F బదులు F × r చేస్తే 2i − 7j − 8k వస్తుంది. ఇది కూడా రెండింటికీ లంబమే, పొడవు కూడా అంతే. గుర్తులు మాత్రం పూర్తిగా తిరగబడ్డాయి. మామూలు మరతో చేసిన నట్టు విషయంలో ఆ తేడా అర్థం బిగించడానికి బదులు విప్పడం.

దీన్ని పట్టుకోవాలంటే దిశనే చూడాలి. k భాగాన్ని చూసేందుకు తేలికైన మార్గం ఉంది. రెండు సదిశల k భాగాలనూ పక్కనపెట్టి, మిగిలినవాటిని కాగితం మీద బాణాలుగా గీయాలి. r కుడివైపు కిందికి (1, −2), F కుడివైపు పైకి (3, 2). r నుంచి F కి దగ్గరి దారిన తిరిగితే గడియారం ముల్లుకి ఎదురు దిశ. అలా తిరిగితే k భాగం ధనాత్మకం కావాలి. 8 సరిపోయింది, −8 దొరికిపోయింది.

కుడిచేతి నియమంతోనూ తేల్చవచ్చు. చిక్కల్లా పరీక్ష హాల్లో కుడిచేతిలో పెన్ను ఉండటం. పెన్ను కింద పెట్టడం ఎందుకని ఖాళీగా ఉన్న ఎడమచేతి వేళ్లు ముడిచి చూస్తే దిశ కచ్చితంగా తిరగబడుతుంది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. వేగం +x వైపు, క్షేత్రం +y వైపు ఉంటే v × B +z వైపు వస్తుంది. ఎలక్ట్రాన్ ఆవేశం రుణాత్మకం కనుక దాని మీద బలం −z వైపు. ఎడమచేతిని వాడి, ఆవేశం గుర్తు కూడా మరిచిపోతే రెండు తప్పులూ కలిసి సరైన జవాబు ఇస్తాయి!

అంకెలు, కోణమూ ఇచ్చే లెక్కల్లో చుక్క, గుణకారం గుర్తు అసలు కనిపించవు, cos, sin మాత్రమే ఉంటాయి. 50 న్యూటన్ల బలంతో, నేలకి 60 డిగ్రీల వాలుగా పట్టిన పట్టీతో సూట్‌కేసుని 10 మీటర్లు లాగితే చేసిన పని 500 × cos 60°, అంటే 250 జౌళ్లు. sin వేస్తే దాదాపు 433 వస్తుంది, ఆ అంకె చూస్తే ఎవరికీ అనుమానం రాదు. అందుకే కోణాన్ని 90 డిగ్రీలకి జరిపి చూడాలి. నిట్టనిలువుగా పైకి లాగే బలం ముందుకు నడిచే దారిలో ఏ పనీ చేయదు, జవాబు సున్నా కావాలి. sin వేసినవాళ్లకి అక్కడ 500 వస్తుంది. లెక్కలో 45 డిగ్రీలు ఇస్తే మాత్రం sin, cos సమానం కనుక తప్పు దారిలో వెళ్లినా సరైన అంకే దక్కుతుంది.

రెండు సదిశల మధ్య కోణం కనుక్కోమన్నప్పుడు కూడా ఈ మార్పిడి కొంప ముంచుతుంది. పై r, F లనే తీసుకుంటే క్రాస్ పొడవు ద్వారా వెళ్లినవాళ్లకి sin θ దాదాపు 0.964, కాలిక్యులేటర్ 74.5 డిగ్రీలు చూపిస్తుంది. డాట్ ద్వారా వెళితే cos θ రుణాత్మకం, కోణం 105.5 డిగ్రీలు. రెండోదే సరైనది. 74.5 కీ 105.5 కీ sin ఒకటే కాబట్టి అది అల్పకోణానికీ అధికకోణానికీ తేడా చెప్పలేదు. ఇక్కడ −3 ముందున్న ఆ మైనస్ గుర్తే సాక్ష్యం.

గుర్తు పట్టించుకోనక్కర్లేని లెక్కలూ లేకపోలేదు. త్రిభుజ వైశాల్యానికి క్రాస్ పొడవులో సగం తీసుకుంటారు, అక్కడ వరస తిరగబడినా నష్టం లేదు. రెండు సదిశలకీ లంబంగా ఉండే యూనిట్ సదిశలు కనుక్కోమంటే రెండు దిశలూ సరైనవే. ఈ r, F లకి ఆ జవాబు ±(−2i + 7j + 8k)/√117. అక్కడ ± రాయకుండా ఒక్కటే రాసినవాళ్లు జవాబులో సగమే ఇచ్చినట్టు.