ఫేజులు చల్లగానే ఉంటాయి, న్యూట్రల్ కాలిపోతుంది

త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న పాత ఆఫీసు ఏదైనా తీసుకోండి. డీబీ మూత తీయించి చూస్తే ఫేజు వైర్లు మూడూ లావుగా, నల్లటి న్యూట్రల్ వైరు కాస్త సన్నగా కనిపించడం మామూలే. అదేమిటని ఎలక్ట్రీషియన్ని అడిగితే, ‘మూడు ఫేజుల మీద లోడు సమానంగా పంచితే న్యూట్రల్‌లో కరెంటే ఉండదు సార్, లావు వైరు దండగ’ అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. ఫ్యాన్లు, ఫిలమెంటు బల్బులు, హీటర్లు ఉన్న రోజుల్లో అక్షరాలా నిజం. ఇప్పుడు ఆ ఆఫీసులో ఉన్నవి ఎల్ఈడీ ప్యానెళ్లు, కంప్యూటర్లు, ఇన్వర్టర్లు. వీటి దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఎందుకు పనిచేయదో తెలియాలంటే ఈ కొత్త వస్తువులు కరెంటును ఎలా తీసుకుంటాయో ముందు చూడాలి.

మన సరఫరాలో వోల్టేజి సెకనుకు 50 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఒక ఊపుకు 20 మిల్లీసెకన్లు. పాత బల్బు ఈ ఊపు పొడవునా, వోల్టేజి ఎంత ఉంటే దానికి తగ్గట్టు కరెంటు తీసుకుంటుంది. ఎల్ఈడీ డ్రైవరు అలా కాదు. అది వచ్చిన ఏసీని డీసీగా మార్చి ఒక కెపాసిటర్‌లో నిలవ చేసుకుంటుంది. ఆ కెపాసిటర్‌లో ఉన్న వోల్టేజి కంటే బయటి వోల్టేజి ఎక్కువైనప్పుడే లోపలికి కరెంటు వస్తుంది. మునిసిపల్ నీళ్లు ప్రెషర్ బాగా ఉన్న ఆ కాసేపే మేడ మీది ట్యాంకులోకి ఎక్కుతాయి చూడండి, ఇదీ అంతే. ఊపు శిఖరానికి చేరిన రెండు మూడు మిల్లీసెకన్లలో కరెంటు ఒక్క ఉదుటున దూకుతుంది. మిగతా సమయమంతా దాదాపు సున్నా. కంప్యూటర్ లోపలి పవర్ సప్లై, ఇన్వర్టర్‌లో బ్యాటరీ ఛార్జరు కూడా, ప్రత్యేకంగా సరిదిద్దే సర్క్యూటు లేకపోతే, ఇదే పని చేస్తాయి.

ఇప్పుడు మూడు ఫేజులకు వద్దాం. ఆర్, వై, బీ ఫేజుల శిఖరాలు ఒకేసారి రావు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పాత లోడు ఉన్నప్పుడు ఒక ఫేజు నుంచి వచ్చిన కరెంటు న్యూట్రల్ బార్ దగ్గరికి చేరేసరికి మిగతా రెండు ఫేజులు ఆ క్షణంలోనే దాన్ని వెనక్కి తీసుకుపోతుంటాయి. లెక్క అక్కడికక్కడే చెల్లిపోతుంది. న్యూట్రల్‌కు పని మిగలదు.

కొత్త లోడులో ఆర్ ఫేజు కరెంటు దూకిన ఆ రెండు మూడు మిల్లీసెకన్లలో వై, బీ ఫేజులు ఖాళీగా ఉంటాయి. ఆ కరెంటును వెనక్కి తీసుకునే ఫేజు లేదు. ఇక న్యూట్రల్ ఒక్కటే దారి. తర్వాత బీ వంతు, తర్వాత వై వంతు. ఒక్కో ఫేజుకు ఒక ఊపులో రెండు దూకుళ్లు, పైకి ఒకటి, కిందికి ఒకటి. మూడు ఫేజులవీ కలిపి ఆరు. ఆ ఆరూ న్యూట్రల్ గుండానే వెళ్తాయి. ఒక్కో ఫేజు వైరు మోసేదానికి మూడింతల దూకుళ్లు మోసిన న్యూట్రల్, ఫేజు వైరంత లావే ఉన్నా, దానికి మూడింతలు వేడెక్కుతుంది. ఇది గరిష్ఠ హద్దు. దూకుళ్లు ఒకదాని మీదికి ఒకటి కొంచెం పాకితే వేడి అంతకు కాస్త తగ్గుతుంది. కరెంటు లెక్కలో చెబితే, లోడంతా ఈ రకమే అయినా న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు 1.73 రెట్లు దాటదు.

ఆరు దూకుళ్లు ఒకటి పైకి, ఒకటి కిందికి వస్తాయి కాబట్టి న్యూట్రల్‌లో కరెంటు సెకనుకు 50 సార్లు కాదు, 150 సార్లు ఊగుతుంది. ఇంజనీర్లు మూడో హార్మోనిక్ అనేది దీన్నే. మూల ఊపుకు మూడు రెట్ల వేగంతో ఊగే భాగమన్నమాట. ఇది మూడు ఫేజుల్లోనూ ఒకే క్షణంలో ఒకే దిక్కుకు ఊగుతుంది కనుక న్యూట్రల్‌లో కొట్టుకుపోదు, కూడుతుంది. లోడును ఫేజుల మధ్య ఎంత సమానంగా పంచినా ఇది తగ్గదు. న్యూట్రల్ వేడెక్కుతోందని పిలిస్తే, ఎలక్ట్రీషియన్ మొదట చేసే పని నాలుగు వైర్లు ఈ ఫేజు నుంచి ఆ ఫేజుకు మార్చడం. ఈ జబ్బుకు ఆ మందు పనిచేయదు.

లెక్క వేసి చూద్దాం. ఒక చిన్న ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు అనుకుందాం. ఒక్కో ఫేజు మీద పది కంప్యూటర్లు, ఇరవై ఎల్ఈడీ ప్యానెళ్లు, ఛార్జ్ అవుతున్న ఇన్వర్టర్ ఒకటి. అన్నీ కలిపి ఫేజుకు సుమారు 1,900 వాట్లు. 240 వోల్టులతో భాగిస్తే 8 ఆంపియర్లు. మూడో హార్మోనిక్ దీనిలో 70 శాతం ఉందనుకుందాం, చవక డ్రైవర్లకు ఇది వింత కాదు. అంటే 5.6 ఆంపియర్లు. మిగతా హార్మోనిక్స్ కూడా కలిస్తే ఫేజు వైరులో నిజంగా పారేది పదిన్నర ఆంపియర్లు. ఫేజుకు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంది, దానికి ఇదో లెక్క కాదు.

న్యూట్రల్‌లో మూల కరెంట్లు మూడూ చెల్లిపోయాయి, బాగుంది. కాని 5.6 చొప్పున మూడు ఫేజులవి కలిసి 16.8 అయ్యాయి. తొమ్మిదో హార్మోనిక్ కూడా ఇలాగే కూడుతుంది కాబట్టి మొత్తం 17 దాటింది. ఫేజులకు రెండున్నర ఎంఎం రాగి వైరు, న్యూట్రల్‌కు ఒకటిన్నర ఎంఎం వేశారనుకోండి. మీటరు పొడవుకు ఫేజు వైరులో పుట్టే వేడి 0.8 వాట్లు, న్యూట్రల్‌లో మూడున్నర వాట్లు, అంటే నాలుగింతలకు పైనే. గోడలోని పైపులో నడిచే ఒకటిన్నర ఎంఎం రాగి వైరు 30 డిగ్రీల వాతావరణంలో సుమారు 15 ఆంపియర్లు మోయగలదు. విజయవాడ మే నెలలో పైపు చుట్టూ 40 డిగ్రీలుంటే 13 దగ్గరే ఆగాలి. పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేది. ఈ వైరు దాన్ని దాటిపోతుంది.

ఇంత జరుగుతున్నా ఎంసీబీ పడదు. అది ఫేజులో ఉంది, ఫేజులో తప్పేమీ లేదు. టీపీఎన్ డీబీలో న్యూట్రల్ ఉత్త రాగి లింకు, దానికి కాపలా లేదు. పోనీ న్యూట్రల్‌కూ ఒక ఎంసీబీ పెట్టేద్దామా అంటే, అంతకంటే ప్రమాదం లేదు. అది ఒంటరిగా పడితే ఏమవుతుందో కింద చెబుతాను. నాలుగు పోళ్లూ ఒకేసారి తెగే రకంలో న్యూట్రల్ కరెంటును కూడా గమనించేది ఒక్కటే సరైనది.

వైరు ఎండ్లలా మండిపోవడం అరుదు. ముందు చెడేది స్క్రూ. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, బిగింపు కొంచెం కొంచెంగా వదులవుతుంది. కొస నల్లబడుతుంది. అక్కడ నిరోధం పదో వంతు ఓమ్‌కు చేరిందంటే, 17 ఆంపియర్లకు ఆ ఒక్క స్క్రూ దగ్గర 29 వాట్ల వేడి. తొడుగు కరిగి కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఒకరోజు న్యూట్రల్ పూర్తిగా ఊడుతుంది. అప్పుడు ఒక్కో ఫేజుకు 240 వోల్టులనే హామీ పోతుంది. రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టులు ఆ ఫేజుల లోడుల మీద ఇష్టమొచ్చినట్టు పంచుకుంటాయి. ఎక్కువ వస్తువులు ఆన్‌లో ఉన్న ఫేజుకు తక్కువ వోల్టేజి, తక్కువ ఉన్న ఫేజుకు 300 పైన. భోజనానికి వెళ్లినవాళ్ల వరుసలో మానిటర్లు, అడాప్టర్లు ఒక్కసారే పోయాయంటే చాలాసార్లు కథ ఇదే. నిందేమో ‘హై వోల్టేజి వచ్చింది’ అని కరెంటాఫీసు మీద పడుతుంది.

ముందుగా తెలుసుకునే దారి ఉంది. టాంగ్ టెస్టరును న్యూట్రల్‌కు తగిలించి, ఫేజులకూ తగిలించి పోల్చడమే. అయితే మీటరు మీద ‘ట్రూ ఆర్ఎంఎస్’ అని ఉండాలి. చవక మీటరు కరెంటు నున్నటి ఊపులా ఉందని అనుకుని లెక్క కడుతుంది. ఈ దూకుళ్ల దగ్గర ఉన్నదానికంటే పాతిక శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తక్కువ చూపిస్తుంది. ఫేజులు సమానంగా ఉండి న్యూట్రల్‌లో వాటి కంటే ఎక్కువ కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ఫ్రీక్వెన్సీ చూపే మీటరైతే న్యూట్రల్ మీద 150 అని వస్తుంది. ఇక ముసుగు తొలగినట్టే. కరెంటు పోయి వచ్చిన పావుగంటలోపు కొలవడం మేలు. ఇన్వర్టర్ బ్యాటరీలు ఆకలిగా ఛార్జ్ అవుతుంటాయి, కంప్యూటర్లూ నడుస్తుంటాయి, న్యూట్రల్‌కు అదే గడ్డుకాలం. డీబీ మూత తీసే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే.

ఇన్వర్టర్ దగ్గర ఇంకో తంటా ఉంది, అది హార్మోనిక్స్‌ది కాదు. చిన్న ఇన్వర్టర్ ఇచ్చేది ఒకటే ఫేజు. మూడు ఫేజుల లైట్ల సర్క్యూట్లు ఒకే న్యూట్రల్‌ను పంచుకుంటూ ఉంటే, వాటిని దానికి కలిపిన మరుక్షణం చెల్లుబాటు అసలే ఉండదు. మూడు కరెంట్లూ నేరుగా కూడతాయి. కరెంటు ఉన్నప్పుడు బాగానే ఉన్న న్యూట్రల్ కరెంటు పోయినప్పుడు వేడెక్కితే ఇక్కడ వెతకాలి.

సింగిల్ ఫేజ్ కనెక్షన్ ఉన్న ఆఫీసుకు ఈ బాధ లేదు. అక్కడ ఫేజులో ఎంతో న్యూట్రల్‌లో అంతే. మంచి కంపెనీ కంప్యూటర్లలో కరెంటును నున్నగా తీసుకునే సర్క్యూటు ఉంటుంది, వాటి మూడో హార్మోనిక్ స్వల్పం. ఐఈసీ 61000-3-2 ప్రమాణం కూడా హద్దులు పెట్టింది. అయితే 25 వాట్ల లోపు దీపాల మీద ఆ ప్రమాణం చాలా ఉదారంగా ఉంటుంది. లైట్లు కాని వస్తువుల్లో 75 వాట్ల లోపు వాటికి హద్దే లేదు. ఒక్క అడాప్టరు ఏం చేస్తుందిలే అని వదిలేశారు. వంద అడాప్టర్లు ఒక న్యూట్రల్ మీద పడితే మన సంగతి మనమే చూసుకోవాలి.

మందు మరీ ఖరీదైంది కాదు. మన లెక్కలోని ఆఫీసులో న్యూట్రల్‌ను నాలుగు ఎంఎంకు మారిస్తే మూడున్నర వాట్ల వేడి ఒకటిన్నర లోపుకు దిగుతుంది. డీబీ నుంచి ఒక్కో సర్క్యూటుకు విడి న్యూట్రల్ లాగితే సమస్య మీటరు నుంచి డీబీ దాకా ఉన్న ఒక్క వైరుకు పరిమితమవుతుంది. దాన్ని లావుగా వేస్తే చాలు. కొత్త కేబుల్ వేసేటప్పుడు న్యూట్రల్ సన్నగా ఉండే మూడున్నర కోర్ కేబుల్ ఇలాంటి ఆఫీసుకు పనికిరాదు, నాలుగు కోర్ కావాలి. మూడో హార్మోనిక్ 33 శాతం దాటితే కేబుల్ సైజును న్యూట్రల్ కరెంటును బట్టే ఎంచాలని ఐఈసీ వైరింగు ప్రమాణం చెబుతోంది. పవర్ ఫ్యాక్టర్ కోసమని కెపాసిటర్లు అమ్మజూపేవాళ్లూ ఉంటారు. వాటితో ఈ వేడి తగ్గదు, హార్మోనిక్స్ పెరిగే ప్రమాదమూ ఉంది.

కొత్త ఆఫీసు అద్దెకు తీసుకుంటుంటే, సీలింగు, రంగులు చూసే ముందు ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్ సైజు చూపించుకోండి. ఫేజు వైరు కంటే సన్నగా ఉంటే, కంప్యూటర్లు దింపకముందే మార్పించమని యజమానిని అడగండి.