చెంపదెబ్బకి ఒక్క ఫ్రేము

వార్నర్ బ్రదర్స్ 1942లో విడుదల చేసిన ‘ద డోవర్ బాయ్స్’ కార్టూన్‌లో పాత్రలు కొయ్యబొమ్మల్లా బిగుసుకుని నిలబడతాయి. మరుక్షణం చటుక్కున ఇంకోచోట, ఇంకో భంగిమలో ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో కంటికి చిక్కదు. వీడియో ఆపి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ వెళ్తే గుట్టు బయటపడుతుంది. ఆ మధ్య ఫ్రేములో మనిషనదగ్గ ఆకారమే ఉండదు. కోటు రంగు, ముఖం రంగు కలిసి తెరకి అడ్డంగా సాగిన చారలుంటాయి. యానిమేటర్లు దీన్ని స్మియర్ అంటారు.

దర్శకుడు చక్ జోన్స్. అలా సాగిన బొమ్మల్లో పెద్ద చెయ్యి యానిమేటర్ రాబర్ట్ కానన్‌ది. ఈ పద్ధతి స్టూడియో పెద్దలకి నచ్చలేదని, తన ఉద్యోగానికే ఎసరొచ్చిందని జోన్స్ తరవాతి రోజుల్లో చెప్పుకున్నాడు.

అసలీ చారలెందుకు? సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మామూలు కెమెరాతో తీసేటప్పుడు, షట్టర్ తెరిచి ఉన్న కాస్త సేపట్లోనే చెయ్యి కదులుతుంది కాబట్టి ఫ్రేములో అది అలుక్కుపోయి పడుతుంది. గీసిన బొమ్మకి ఆ వెసులుబాటు లేదు. ఒక ఫ్రేములో ఇక్కడ, తరవాతి ఫ్రేములో జానెడు దూరంలో స్పష్టంగా గీస్తే, కంటికి ఒక చెయ్యి కదిలినట్టుండదు. రెండు చేతులు మిణుకుమన్నట్టుంటుంది. స్మియర్ ఆ ఖాళీని పూడుస్తుంది.

ఒక చెంపదెబ్బనే తీసుకుందాం. చెయ్యి వెనక్కి ఎత్తిన భంగిమని ఆరేడు ఫ్రేములు నిలపాలి, చూసేవాడు దాన్ని చదువుకోవాలి కదా. తరవాత ఒకే ఒక్క ఫ్రేము స్మియర్. దాని తోక చెయ్యి వదిలిన చోటుని అంటుకుని ఉండాలి, ముందు అంచు చెంప దగ్గరికి చేరాలి. మధ్యలో అది భుజం చుట్టూ తిరిగిన వంపులో సాగాలి. నిట్టనిలువుగా గీస్తే చెయ్యి కాస్తా వాసమైపోతుంది. ఆ తరవాతి ఫ్రేములో చెయ్యి చెంపని దాటేసి ఉంటుంది. అరచెయ్యి చెంపని తాకిన బొమ్మని చాలామంది అసలు గీయనే గీయరు, దెబ్బ ఇంకా గట్టిగా తగిలినట్టుంటుందని. ఆపైన రెండు ఫ్రేములు చెంప నొక్కుకుపోయి, తల ఒరిగి, మెల్లగా సర్దుకుంటుంది.

చెంప నొక్కుకుపోవడం స్క్వాష్, దానికి ఎదురుది స్ట్రెచ్. రెంటికీ ఒకటే కట్టుబాటు: ఆకారం మారొచ్చు, పదార్థం పెరగకూడదు, తరగకూడదు. కాగితం మీద బంతి ఎత్తుని 80 శాతానికి కుదిస్తే వెడల్పు 125 శాతం కావాలి. కంప్యూటర్లో త్రీడీ బంతైతే పక్కలకి రెండు వైపులా పెరుగుతుంది కాబట్టి ఒక్కో వైపు సుమారు 112 చాలు. వెడల్పు పెంచడం మరిచిపోతే బంతి నలగదు, ఆ క్షణానికి చిన్నదైపోతుంది. ఎక్కడో ఏదో తేడాగా ఉందనిపించే షాట్లలో చాలావాటికి జబ్బు ఇక్కడే.

ఇంకో తప్పు కాస్త లోతైనది. దెబ్బకి చెంప నలగొచ్చు, పెదవులు పక్కకి పోవచ్చు. పుర్రె కూడా పిండిముద్దలా నలిగితే ఆ తలలో ఎముక లేదని చూసేవాడికి తెలిసిపోతుంది. తరవాతి సన్నివేశంలో అదే తల గోడకి కొట్టుకుంటే జాలి పుట్టదు, నవ్వూ రాదు. నొప్పి ఉండే అవకాశాన్ని యానిమేటరే ముందే తీసేశాడు మరి. పాత్ర మొదటినుంచీ రబ్బరు మనిషే అయితే ఇబ్బంది లేదు. ఒక షాట్‌లో ఎముకలుండి, మరో షాట్‌లో మాయమైతేనే చిక్కు.

జాన్ లాసెటర్ 1986లో తీసిన ‘లక్సో జూనియర్’లో టేబుల్ ల్యాంపు గెంతుతుంది. దాని లోహపు భాగాలు ఎక్కడా సాగవు. గెంతబోయే ముందు కీళ్ల దగ్గర ముడుచుకుంటుంది, గాల్లోకి లేచేటప్పుడు విచ్చుకుంటుంది. స్క్వాష్, స్ట్రెచ్ చేసే పని మొత్తం ఆ కీళ్లే చేసేశాయి. లోహం లోహంగానే మిగిలింది.

స్మియర్ శృతి మించిందో లేదో తేల్చుకోవడానికి ఫ్రేము ఆపి చూడటం దండగ, ఆపితే ప్రతి స్మియరూ వికారంగానే ఉంటుంది. అసలు వేగంలో నడిపి చూడాలి. చార చారగా కనబడితే అది ఎక్కువ ఫ్రేములు నిలిచిందన్నమాట, లేదా కదలిక అంత వేగంగా లేదన్నమాట. నెమ్మదిగా తల తిప్పే మనిషికి స్మియర్ పెడితే ముఖం కరిగినట్టుంటుంది. ముందూ వెనకా భంగిమలు గట్టిగా నిలవకపోయినా అంతే. ‘డోవర్ బాయ్స్’ చారలు అంత పొడుగ్గా ఉండీ చెల్లాయంటే, వాటికి అటూ ఇటూ పాత్రలు అంత కదలకుండా నిలబడ్డాయి కాబట్టే.

2014లో వచ్చిన ‘ద లెగో మూవీ’కి ఈ చిక్కు ఇంకో రూపంలో ఎదురైంది. ప్లాస్టిక్ ఇటుకల లోకంలో ఏదీ సాగకూడదు, అలుక్కుపోనూ కూడదు. అందుకని పరుగెత్తే చోట ఆ ఒకటి రెండు ఫ్రేముల కోసం పాత్ర రంగులకి సరిపడే ఇటుకలనే వరసగా పేర్చి స్మియర్ కట్టారు.